డెబ్బై లక్షలు ఎక్కడ తగ్గాయి?

సబ్బుల కంపెనీ రీజినల్ మేనేజరు ముందుకు నెల మొదటి వారంలో ఒక నివేదిక వస్తుంది. పోయిన నెల టార్గెట్ ఎంత, అమ్మకం ఎంత, తేడా ఎంత అన్నవి కంప్యూటరే లెక్కగట్టి ఇస్తుంది. ఆ తేడా ఎందుకు వచ్చిందో చెప్పే నాలుగు మాటలు మాత్రం ఏరియా మేనేజరు రాయాలి. వేరియన్స్ కామెంటరీ అని దానికి పేరు. ఆ గడిలో నేను ఎక్కువసార్లు చదివిన మాట ‘మార్కెట్ డల్‌గా ఉంది’ అన్నది. అది చదివిన మేనేజరు ఎవరికి ఫోన్ చేయాలి, ఏం సరిచేయాలి?

2025 సెప్టెంబరు నెలనే తీసుకుందాం. సబ్బులు, షాంపూలపై పన్నును 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గిస్తున్నట్టు ఆ నెల 3న జీఎస్టీ కౌన్సిల్ ప్రకటించింది. అమలు మాత్రం 22 నుంచి. ధర తగ్గబోతోందని తెలిశాక ఏ కిరాణా కొట్టాయన ముందుగా సరుకు దించుకుంటాడు? అరలో ఉన్నది అమ్ముకుంటూ ఆగుతాడు. ఈ పరిస్థితిలో ఒక ఏరియా లెక్క ఎలా ఉండొచ్చో ఊహించి చూద్దాం.

టార్గెట్ 12 లక్షల సబ్బులు, ఒక్కొక్కటి 30 రూపాయల చొప్పున 3 కోట్ల 60 లక్షలు. అమ్మింది 10 లక్షల సబ్బులు, సగటున 29 రూపాయలకు. వచ్చింది 2 కోట్ల 90 లక్షలు. తగ్గింది 70 లక్షలు. ముందుగా దీన్ని రెండుగా విడదీయాలి. 2 లక్షల సబ్బులు తక్కువ పోయినందుకు, ఒక్కోటి 30 చొప్పున, 60 లక్షలు. అమ్మిన 10 లక్షల మీద తలా ఒక రూపాయి తగ్గినందుకు మిగతా 10 లక్షలు.

ఆ రూపాయిని పన్ను తగ్గింపు ఖాతాలో వేయాలనిపిస్తుంది. అది తప్పు. కంపెనీ తన అమ్మకాన్ని జీఎస్టీ కలపకుండా లెక్కిస్తుంది కాబట్టి పన్ను తగ్గినంత మాత్రాన ఈ 30 తగ్గదు. డిస్ట్రిబ్యూటర్లకు అదనంగా ఇచ్చిన స్కీము వల్లో, ఖరీదైన సబ్బు తక్కువ పోయి చౌక సబ్బు ఎక్కువ పోవడం వల్లో సగటు తగ్గి ఉంటుంది. బిల్లులు తిరగేస్తే ఏదో తేలిపోతుంది.

ఇక 2 లక్షల సబ్బుల సంగతి. కంపెనీ డిస్ట్రిబ్యూటరుకు అమ్మేది ప్రైమరీ, డిస్ట్రిబ్యూటరు కొట్లకు వేసేది సెకండరీ. పైన చెప్పిన 10 లక్షలు ప్రైమరీ. అదే నెలలో సెకండరీ 11 లక్షలు ఉందనుకుందాం. అంటే డిస్ట్రిబ్యూటర్లు కొన్నదానికంటే లక్ష ఎక్కువ అమ్మి, గోడౌన్లలో స్టాకు 6 లక్షల నుంచి 5 లక్షలకు దించుకున్నారు. తగ్గిన రెండు లక్షల్లో ఒక లక్ష ఇదే. స్టాకు మళ్లీ నింపుకున్నప్పుడు ఇది తిరిగి రావచ్చు.

మిగిలిన లక్ష కొట్లకు చేరనిది. వారాలవారీగా, ఊళ్లవారీగా చూస్తే అందులో 70 వేలు అన్ని ఊళ్లలోనూ 22వ తేదీకి ముందే తగ్గాయి. తక్కిన 30 వేలు ఒక్క ఊరివి. పక్క ఊళ్లలో 22 తర్వాత అమ్మకం లేచినా అక్కడ లేవలేదు. సేల్స్‌మన్ మానేయడంతో రెండు బీట్లకు ఎవరూ వెళ్లలేదు. ‘మార్కెట్ డల్’ అని రాసి ఉంటే ఈ ఊరు ఆ మాట కింద దాగిపోయేది.

దీనికంటే ప్రమాదకరమైన దాపరికం ఒకటుంది. టార్గెట్ అందుకోవాలని నెలాఖరున డిస్ట్రిబ్యూటరు నెత్తిన సరుకు వేయడం. అప్పుడు ప్రైమరీ నిండుగా కనిపిస్తుంది, తేడా గడిలో రాయడానికి ఏమీ ఉండదు. చివరి మూడు రోజుల బిల్లింగ్ నెలలో ఎంత వాటానో, గోడౌన్‌లో ఉన్న స్టాకు ఎన్ని రోజులకు సరిపోతుందో చూస్తే అది బయటపడుతుంది. మన ఏరియాలో నెలకు 11 లక్షలు కదులుతుంటే 5 లక్షల స్టాకు సుమారు 14 రోజులకు వస్తుంది. అది ఒక్కసారిగా 25 రోజులైతే వచ్చే నెల అమ్మకాన్ని ఈ నెలే వాడేసుకున్నట్టు. నిండిన టార్గెట్ పక్కన కూడా కామెంటరీ అడగాలని నేను పట్టుబట్టేది అందుకే.

వచ్చే నెల అంచనా కూడా ఈ విడదీసిన లెక్క నుంచే పుడుతుంది. అక్టోబరు ప్లాను 12 లక్షలు అనుకుందాం. డిస్ట్రిబ్యూటర్లు తగ్గించుకున్న స్టాకులో సగమే నింపి, కొట్లవాళ్లు పాత లోటు పూడ్చకుండా, ఆ ఊళ్లో సేల్స్‌మన్ దొరక్కపోతే 12 లక్షల 20 వేలు. స్టాకు పూర్తిగా నింపి, కొట్ల 70 వేలూ తిరిగొచ్చి, సగం నెలకు మనిషి కుదిరితే 13 లక్షల 55 వేలు. ఆ ఏడాది దసరా అక్టోబరు 2న, దీపావళి 20న వచ్చాయి. పండుగ సెలవులకు బీట్లు ఆగుతాయి కాబట్టి నేనైతే కింది అంకెకు దగ్గరగా రాసి, పక్కన ఒక మాట చేరుస్తాను: 10వ తేదీకి ఆ రెండు బీట్ల బిల్లులు మొదలుకాకపోతే అంచనా మార్చాలి.