పేరెత్తని ఐదు వందనాలు

తెలంగాణలోని కొలనుపాక జైన మందిరంలో మూలనాయకుడు ఆదినాథుడు. ఆయన ఎదుట చేతులు జోడించిన భక్తులు మొదట చదివే నమోకార మంత్రంలో మాత్రం ఆదినాథుడి పేరు ఉండదు. మహావీరుడి పేరూ ఉండదు. ప్రాకృతంలోని ఐదు చిన్న వాక్యాలు ఐదు రకాల వారికి నమస్కరిస్తాయి. వరం మాత్రం ఏమీ అడగవు.

మొదటి వందనం అరిహంతులకు. జ్ఞానాన్ని కప్పేసే, మోహంలో ముంచే నాలుగు ఘాతి కర్మలను నశింపజేసుకుని, ఇంకా దేహంతో ఉండి దారి చెప్పేవారు వీరు. రెండోది సిద్ధులకు. ఎనిమిది కర్మలూ తొలగి, దేహం కూడా విడిచి, మోక్షం పొందినవారు. స్థాయిలో సిద్ధులే పైవారు కదా, మరి అరిహంతులకు ముందు మొక్కడం ఎందుకు? తొమ్మిదో శతాబ్దంలో ధవళ వ్యాఖ్య రాసిన వీరసేనాచార్యుడు ఈ ప్రశ్నే వేసుకున్నాడు. సిద్ధులున్నారని మనకు తెలిసింది అరిహంతుల ఉపదేశం వల్లనే కాబట్టి వారికే తొలి వందనం అన్నాడు. మేలు చేసినవారిని ముందు తలచుకునే ఈ వరుస ఎంతో అందమైనది.

తర్వాతి మూడూ ఇంకా దారిలో ఉన్నవారికి: సంఘాన్ని నడిపే ఆచార్యులు, శాస్త్రం బోధించే ఉపాధ్యాయులు, లోకంలోని సాధువులందరూ. ఈ చివరి వాక్యంలోని ‘లోకంలో’, ‘అందరూ’ అన్న మాటలను పై నాలుగింటికీ కలుపుకోవాలని వీరసేనుడు వివరించాడు.

పేర్లెందుకు లేవో ఇంద్రభూతి గౌతముడి కథ చూస్తే తెలుస్తుంది. పండితుడైన ఈ బ్రాహ్మణుడు మహావీరుడి దగ్గర దీక్ష తీసుకుని సాధువయ్యాడు, ఆయన ముఖ్య శిష్యుడయ్యాడు. గురువు మీది మమకారమే అతనికి చివరి అడ్డు అయిందని శ్వేతాంబర సంప్రదాయం చెబుతుంది. పావాపురిలో మహావీరుడు నిర్వాణం పొందాక ఆ బంధం తెగి గౌతముడికి కేవలజ్ఞానం కలిగింది. అప్పుడతను మొదటి వందనానికి పాత్రుడు. దేహం విడిచాక రెండోదానికి. అతనికన్నా ముందే మహావీరుడు కూడా మొదటి వాక్యం నుంచి రెండోదానికి వెళ్లాడు. మనిషి ఒక్కడే, అతను చేరిన స్థితిని బట్టి వందనం మారింది. ఫలానా వ్యక్తికని రాసి ఉంటే ఈ మార్పుకు చోటుండేది కాదు. ఆ స్థితులను ముందు ముందు అందుకోబోయేవారికీ చోటుండేది కాదు.

అలాగని జైనులు పేర్లకు దూరమని కాదు. ఇరవై నలుగురు తీర్థంకరులనూ పేరుపేరునా స్తుతించడానికి శ్వేతాంబరులకు ‘లోగస్స’ అనే వేరే స్తోత్రం ఉంది. సామాయికంలో కూర్చున్నవారు నమోకారంతో పాటు దాన్నీ చదువుతారు.