ఈ మాత్ర దంచేది కాదు

పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో ఉండి, ఇంటికి తిరిగొచ్చిన ఓ పెద్దాయన ఉన్నారనుకుందాం. మింగడం ఇంకా కుదరట్లేదు కాబట్టి ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి పంపారు. రైల్స్ ట్యూబు అంటారే, అదే. జావ ఎలా పొయ్యాలో, పోశాక గొట్టం నీళ్లతో ఎలా కడగాలో నర్సు ఇంట్లోవాళ్లకు చూపించింది. మాత్రల్ని పొడి చేసి నీళ్లలో కలిపి ఇమ్మంది. అన్ని మాత్రలూ పొడి చేసేవేనా అని వీళ్లూ అడగలేదు.

డిశ్చార్జి కాగితంలో ఉన్నవి ఆరు. బీపీకి నిఫెడిపిన్ 30 ఎక్స్ఎల్, షుగరుకు మెట్‌ఫార్మిన్ 1000 ఎస్ఆర్, ప్రోస్టేటుకు టామ్సులోసిన్ క్యాప్సూలు, గ్యాసుకు పాంటోప్రజోల్ 40, రక్తం గడ్డకట్టకుండా పూత ఉన్న ఆస్పిరిన్ 75, కొలెస్టరాలుకు అటోర్వాస్టాటిన్. వీటిలో నిశ్చింతగా దంచి ఇవ్వదగ్గది చివరిదొక్కటే.

అన్నిటికన్నా ప్రమాదం మొదటిదానితో. నిఫెడిపిన్ స్వతహాగా తొందరపాటు మందు. మామూలు రూపంలో ఇస్తే అరగంటలోపే రక్తంలో పతాక స్థాయికి చేరి, తర్వాత రెండు గంటలకోసారి సగానికి సగం తగ్గిపోతుంది. అలాంటి మందుతో రోజుకొక్క మాత్రతో బీపీని అదుపులో ఉంచాలంటే, మందుకు లేని నిదానాన్ని మాత్ర కట్టడంలో పెట్టాలి. కొన్ని కంపెనీలు నీళ్లు తగలగానే జిగురులా ఉబ్బే పదార్థంలో మందును కలిపి బిగిస్తాయి. కడుపులో ఆ జిగురు పైపొర నుంచి కొద్దికొద్దిగా కరుగుతూ మందును వదులుతుంది. ఇంకొన్ని మాత్రలకు కరగని డొప్ప ఉంటుంది, దానికి లేజరుతో చేసిన సన్నని రంధ్రం. డొప్పలోకి నీళ్లు ఇంకి లోపలి పొర ఉబ్బుతూ, మందును ఆ రంధ్రంలోంచి గంటల తరబడి బయటికి నెడుతుంది. పని అయ్యాక ఖాళీ డొప్ప మలంలో చెక్కుచెదరకుండా బయటికొస్తుంది. ఇది చూసి మాత్ర అరగలేదని బెంగపడి, మర్నాటి నుంచి దంచడం మొదలుపెట్టేవాళ్లూ ఉంటారు!

దంచితే ఆ కట్టడం పోతుంది. రోజంతా రావాల్సిన 30 మిల్లీగ్రాములూ ఒక్కసారే దిగుతాయి. దీని సంగతి వైద్యులకు అనుభవమే. ఒకప్పుడు బీపీ బాగా పెరిగి వచ్చినవాళ్లకు నిఫెడిపిన్ క్యాప్సూలును పొడిచి, అందులోని ద్రవాన్ని నాలుక కింద వేసేవారు. మామూలుగా 10 మిల్లీగ్రాములే. అయినా బీపీ ధడాలున పడిపోయి, మెదడుకూ గుండెకూ రక్తం చాలక పక్షవాతాలు, గుండెపోట్లు వచ్చిన ఉదంతాలు పోగయ్యాయి. 1990ల మధ్య నాటికి ఆ పద్ధతి మానాలన్న హెచ్చరికలు గట్టిగా వచ్చాయి. ఎక్స్ఎల్ మాత్రను దంచి గొట్టంలో పోయడమంటే, మానేసిన ఆ పద్ధతినే మూడింతల మోతాదుతో ఇంట్లో చేయడం. 2003లో ఒక ఔషధ వైద్య పత్రికలో అమెరికా ఆసుపత్రి ఉదంతం ఒకటి అచ్చయింది. అక్కడ ఇదే రకం నిఫెడిపిన్‌ను నలిపి, లాబెటలాల్ అనే మరో బీపీ మందుతో పాటు గొట్టం ద్వారా ఇచ్చాక రోగి చనిపోయింది.

పక్షవాతం వచ్చిన మెదడుకు బీపీ అలా కుంగడం మరీ చేటు. ఇంట్లో బీపీ మిషను ఉంటే ఇది కనిపెట్టొచ్చు. మందు ఇచ్చిన అరగంట నుంచి రెండు గంటల్లోపు ముఖం ఎర్రబడి, చెమటలు పట్టి, పై అంకె బాగా పడిపోతుంది. రాత్రికి మందు అయిపోయి అదే అంకె పైకెగబాకుతుంది. తెల్లవారి చూసినవాళ్లు ‘మందు చాలడం లేదు, మోతాదు పెంచాలి’ అనుకుంటారు. పెంచి మళ్లీ దంచితే ఇంకేముంది.

దీనికి మందు మార్చడమే దారి. అమ్లోడిపిన్ కూడా అదే కుటుంబంలోది, కానీ దానికి కట్టడం అక్కర్లేదు. సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు తీసుకుంటుంది కాబట్టి మామూలు మాత్రే రోజంతా పనిచేస్తుంది, దంచినా నష్టం లేదు. ఎంత మోతాదన్నది డాక్టరే చెప్పాలి.

మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్‌తో ప్రాణభయం తక్కువే. కడుపు తిప్పడం, విరేచనాలు ఎక్కువవుతాయి, జిగురు గొట్టంలో పేరుకుని మూసుకుపోతుంది. దానికి బదులు మామూలు మెట్‌ఫార్మిన్ 500 రోజుకు రెండుసార్లు రాయించుకోవచ్చు. షుగరు మాత్రలన్నీ ఇలా తేలిగ్గా లెక్కకు రావు. గ్లిక్లజైడ్ ఎంఆర్ 30 మిల్లీగ్రాములు మామూలు గ్లిక్లజైడ్ 80కి సమానం. స్ట్రిప్పు మీది అంకె చూసుకుని ఇంట్లోనే మార్చేస్తే లెక్క తప్పుతుంది. పైగా ఈ మందు షుగరును మరీ కిందికి దించగలదు.

టామ్సులోసిన్ క్యాప్సూలులో పూత పూసిన గుళికలుంటాయి. అవి గొట్టంలో ఇరుక్కుంటాయి. నలిపితే కూర్చోబెట్టగానే కళ్లు తిరగొచ్చు. పాంటోప్రజోల్, ఆస్పిరిన్‌ల సంగతి వేరు. వాటి పూత మందును నిదానంగా వదలడానికి కాదు, కడుపు దాటేదాకా కాపాడడానికి. పూత పోతే పాంటోప్రజోల్ కడుపులోని ఆమ్లానికి పాడై పనికిరాదు. ఆస్పిరిన్ కడుపు గోడకే తగులుతుంది. నీళ్లలో కరిగే ఆస్పిరిన్ దొరుకుతుంది.

గొట్టం లేని ఇళ్లలోనూ అరటిపండులో నలిపి పెట్టడం, పెద్ద మాత్రను విరిచి రెండు ముక్కలుగా మింగించడం మామూలే. ఆయాసానికి వాడే థియోఫిలిన్ ఎస్ఆర్‌ను అలా ఇస్తే వాంతులు, చేతుల వణుకు, గుండెదడ, ముదిరితే ఫిట్స్. ఆ మందులో సరిపోయే మోతాదుకూ విషానికీ మధ్య దూరం బాగా తక్కువ. పొటాషియం ఎస్ఆర్ నలిపితే అన్నవాహికనూ కడుపునూ పుండు చేస్తుంది. దానికి సిరప్ ఉంది. మూర్ఛకిచ్చే వాల్‌ప్రోయేట్, కార్బమజెపిన్ సీఆర్ మాత్రలు, ఛాతీ నొప్పికిచ్చే ఐసోసార్బైడ్ ఎస్ఆర్, నొప్పులకు డైక్లోఫెనాక్ ఎస్ఆర్ కూడా ఈ జాబితాలోవే.

నడుమ గీత ఉంటే విరవొచ్చా? కొన్నిటిని విరవొచ్చు. మెటోప్రొలాల్ సక్సినేట్ మాత్రల్లో చాలావాటిని విడివిడిగా పూత పూసిన వందల చిన్న గుళికలతో చేస్తారు. గీత దగ్గర విరిస్తే గుళికలు చెడవు, దంచితేనే చెడతాయి. అలాగని గీత కనిపించిన ప్రతి మాత్రనూ విరవకూడదు, ఆ కంపెనీ కాగితంలో విరవొచ్చని ఉంటేనే.

పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈఆర్, ఎక్స్ఎల్, సీఆర్, ఎంఆర్, పీఆర్, రిటార్డ్, క్రోనో అని ఉంటే ఆగాలి. డీటీ, ఎండీ అని ఉంటే భయం లేదు, అవి కరగడానికే చేసినవి. పేరులో అక్షరాలు లేకపోయినా స్ట్రిప్పు వెనక చిన్న అచ్చులో ‘ప్రొలాంగ్డ్ రిలీజ్’ లేదా ‘గ్యాస్ట్రో రెసిస్టెంట్’ అని ఉంటుంది. నాలుగు మాత్రలు కత్తిరించి కొన్నప్పుడు ఆ అచ్చు షాపులోనే ఉండిపోతుంది. కత్తిరించే ముందే చూపించమనాలి.

ఇప్పటికే దంచి ఇచ్చేసి ఉంటే తర్వాతి మోతాదు ఇవ్వకుండా డాక్టరుకు ఫోన్ చేసి, మందు పేరూ ఇచ్చిన టైమూ చెప్పాలి. బీపీ మందైతే పడుకోబెట్టి పావుగంటకోసారి బీపీ, నాడి చూడాలి. షుగరు మందైతే వేలి నుంచి రక్తం తీసి చూడాలి, గ్లిక్లజైడ్ లాంటిదైతే ఒక్కసారి చూసి వదిలేయకూడదు. మనిషి మగతగా ఉన్నా, పిలిస్తే సరిగా పలకకపోయినా, బీపీ పై అంకె 90 కిందికి వచ్చినా 108కి ఫోన్ చేయాలి. బయల్దేరేటప్పుడు ఆ స్ట్రిప్పు కూడా వెంట తీసుకెళ్లాలి.