పేరు చివరి అక్షరాలు చెప్పే తప్పు

రంగుల పరిశ్రమలో ద్రావణిగా వాడే డైఅసిటోన్ ఆల్కహాల్‌ను తీసుకుందాం. దాని నిర్మాణం ఇది:

CH3–CO–CH2–C(CH3)2–OH

దీనికి ఐయుపీఏసీ పేరు రాయమంటే జవాబు పత్రాల్లో రెండు తప్పుడు పేర్లు కనిపిస్తాయి. ఒకటి 2-హైడ్రాక్సీ-2-మిథైల్‌పెంటన్-4-ఓన్, రెండోది 2-మిథైల్-4-ఆక్సోపెంటన్-2-ఓల్.

పేరును బట్టి బొమ్మ తిరిగి గీసి సరిచూసుకోవడం మంచి అలవాటే. కర్బనాలు లెక్క తప్పితే అది వెంటనే పట్టిస్తుంది. కానీ ఇక్కడ అది పనికిరాదు. రెండు తప్పుడు పేర్ల నుంచి గీసినా సరైన అణువే వస్తుంది. అందుకే పిల్లలు తమ జవాబు సరైనదేనని గట్టిగా నమ్ముతారు. ఒక అణువుకు ఒకే పేరు ఉండాలన్నదే ఈ నియమాల ఉద్దేశం కాబట్టి, బొమ్మ కుదిరినంత మాత్రాన పేరు కుదిరినట్టు కాదు.

దిద్దేవారు ముందు పేరు చివర చూడాలి. అణువులో కీటోన్, ఆల్కహాల్ రెండూ ఉన్నప్పుడు ప్రాధాన్య క్రమంలో కీటోన్‌దే పైచేయి. కాబట్టి పేరు ‘ఓన్’తో ముగియాలి, ఆల్కహాల్ ‘హైడ్రాక్సీ’గా ముందుకు పోవాలి. రెండో పేరు ‘ఓల్’తో ముగిసింది. అంటే ప్రధాన ప్రమేయ సమూహాన్నే తప్పు ఎంచుకున్నారు. వాడుక పేరులోని ‘ఆల్కహాల్’ అన్న మాట కూడా వారిని అటు లాగి ఉండవచ్చు. ఆల్కహాలే ప్రధానమైతే మాత్రం వారు వేసిన అంకెలు సరైనవే. ఇలాంటి విద్యార్థికి అంకెలు వేయడం మళ్లీ నేర్పనక్కర్లేదు, ప్రాధాన్య క్రమం నేర్పితే చాలు.

మొదటి పేరు ‘ఓన్’తోనే ముగిసింది, కానీ కీటోన్‌కు 4 వచ్చింది. ఈ విద్యార్థి అంకెలన్నీ కలిపి చూశాడు. కుడి నుంచి లెక్కిస్తే 2, 2, 4. ఎడమ నుంచి అయితే 2, 4, 4. చిన్నవాటిని ఎంచుకున్నాడు. ప్రధాన సమూహం లేని అణువుల్లో, ఉదాహరణకు కొమ్మలున్న ఆల్కేన్లలో, ఆ పద్ధతి సరైనదే. ప్రధాన సమూహం ఉన్నప్పుడు మాత్రం చిన్న అంకె ముందు దానికే దక్కాలి. ఎడమ నుంచి లెక్కిస్తే కీటోన్‌కు 2 వస్తుంది, మిగతావి ఎక్కడ పడితే అక్కడే. సరైన పేరు 4-హైడ్రాక్సీ-4-మిథైల్‌పెంటన్-2-ఓన్.

ద్విబంధం ఉన్నప్పుడూ ఇదే పొరపాటు జరుగుతుంది. CH2=CH–CH2–CH2–OH ను బ్యూట్-1-ఈన్-4-ఓల్ అని రాస్తారు. ఆల్కహాల్‌కే ముందు అంకె ఇవ్వాలి కాబట్టి అది బ్యూట్-3-ఈన్-1-ఓల్.

ఒక జాగ్రత్త: పాత పద్ధతిలో 4-హైడ్రాక్సీ-4-మిథైల్-2-పెంటనోన్ అని రాసినవారు అంకెలు తప్పు వేయలేదు, అంకెను పాత చోట ఉంచారు, అంతే.

ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. జవాబును ఎర్రగీతతో కొట్టేసి వదలకండి. పక్కన ‘సమూహం తప్పు’ అనో ‘అంకెల దిశ తప్పు’ అనో రాయండి.