లెక్కల మాస్టారు, ట్యాబ్ గది

52 నుంచి 17 తీసేస్తే 45 అని రాసిన ఏడో తరగతి పిల్లవాడికి లెక్క రాదని చాలామంది అనుకుంటారు. నిజానికి వాడు ఒక పద్ధతి ప్రకారమే చేశాడు: ప్రతి స్థానంలో పెద్ద అంకెలోంచి చిన్నది తీసేశాడు. ఒకట్ల స్థానంలో 7లోంచి 2, పదుల స్థానంలో 5లోంచి 1. ఇలాంటి తప్పులు ఒక క్రమంలో వస్తాయని అమెరికాలో బ్రౌన్, బర్టన్ అనే పరిశోధకులు 1978లోనే వివరించారు.

బడికి వచ్చిన ట్యాబ్‌లోని బోధన సాఫ్ట్‌వేర్ పని ఇక్కడే మొదలవుతుంది. వెంటనే 71 నుంచి 38 తీయమంటుంది. జవాబు 47 వస్తే అజాగ్రత్త కాదు, అదే పద్ధతి. అప్పుడు ఏడో తరగతి పాఠం ఆపి, పదిని ఒకట్లుగా విడదీసే రెండు మూడు తరగతుల లెక్కలకు వాణ్ని తీసుకెళుతుంది. పక్క పిల్ల అదే గంటలో భిన్నాలు చేస్తూ ఉండవచ్చు.

ఒక పల్లెటూరి జిల్లా పరిషత్ పాఠశాలలో లెక్కల మాస్టారు ఈ గదిని చూస్తే ఏమనుకుంటాడు? మొదట ఊరట. నలభై మందిలో ఎవరు ఎక్కడ ఆగారో ఆయనకు చూచాయగా తెలుసు గాని, ఒక్కొక్కరి దగ్గర కూర్చునే తీరిక ఎప్పుడూ దొరకలేదు. తర్వాత కాస్త గుచ్చుకుంటుంది, ఆ తెరమీది జాబితా తన ఇన్నేళ్ల పనికి పెట్టిన మార్కుల్లా కనిపిస్తుంది గనక. ఆ నొప్పిలో సగం అన్యాయమే. పిల్లలు మూడేళ్ల వెనకబాటుతో వచ్చినా, ఆయన ముగించాల్సింది ఏడో తరగతి సిలబసే.

ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌ను బడి వేళల తర్వాత వాడిన పరిశోధన 2019లో ప్రచురితమైంది. అందులో చేరేనాటికి ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారు. నాలుగున్నర నెలల్లో పరిశోధకులు పెట్టిన పరీక్షల్లో స్పష్టంగా ముందుకెళ్లారు. బడి లెక్కల పరీక్షల మార్కులు మాత్రం పెద్దగా కదలలేదు. మూడో తరగతి నుంచి ఐదుకు ఎదిగిన పిల్లవాడిని ఏడో తరగతి ప్రశ్నపత్రం పట్టుకోలేదు మరి. ఆ కేంద్రాల్లో సగం సమయం ట్యాబ్‌ది కాదు, చిన్న బృందాలతో కూర్చున్న మనిషిదని కూడా గుర్తుంచుకోవాలి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లోనూ ఈ తరహా బోధన నడుస్తోంది. అక్కడి మాస్టారికి మిగిలే పని చిన్నదేమీ కాదు. జవాబులు ఊహించి తెర నొక్కే పిల్లవాడికి స్క్రీన్ మీద మార్కులు పెరుగుతుంటాయి. పలకమీద ఒక లెక్క చేసి చూపమంటే గాని విషయం బయటపడదు. ఛార్జింగ్ అయిపోయిన రోజున పాఠం ఆయనదే. వారం రోజులు పొలం పనికి వెళ్లి బడి మానేసిన పిల్లను ట్యాబ్ గైర్హాజరుగా మాత్రమే గుర్తిస్తుంది. వాళ్ల నాన్నతో మాట్లాడి ఆమెను తిరిగి తరగతికి రప్పించాల్సింది మాస్టారే.