చెంప మీద మచ్చ పోతుంది, మెడ మాత్రం తెచ్చి పెట్టాలి

"బాబూ, మా మనవరాలి ఓణీల ఫంక్షన్లో నువ్వు తీసిన గ్రూప్ ఫోటో చాలా బాగుంది. ఇంటిల్లిపాదీ ఉన్నది అదొక్కటే. కాకపోతే మీ అమ్మగారి మెడకి బెల్టు, ఎడమ చెంప మీద కమిలిన మచ్చ కనబడుతున్నాయి. ఆ రెండూ తీసేసి, హాల్లో పెట్టుకునేలా పెద్ద ఫ్రేము కట్టించి ఇవ్వగలవా? ఎంతవుతుందో చెప్పు."

రిటైరైన లెక్కల మాస్టారొకరు మా స్టూడియోకి పంపిన సందేశమిది. ఫంక్షన్‌కి పది రోజుల ముందు వాళ్లు ఎక్కిన ఆటోను వెనక నుంచి కారు గుద్దింది. అమ్మగారి చెంప ఆటో కమ్మీకి తగిలింది. ఎముక విరగలేదు గానీ మెడకి కాలర్ పెట్టుకోవాలన్నారు డాక్టరుగారు. ఫోటో దిగేటప్పుడు ఒక్క నిమిషం తీసేయమని చుట్టాలెవరో అడిగారు. ఆవిడ తీయలేదు, అదే మంచిదైంది. కాలర్ ఎప్పుడు తీయొచ్చో చెప్పాల్సింది డాక్టరే. ఫోటోకి కావలసిన మార్పులు తర్వాత కంప్యూటర్లో చేసుకోవచ్చు.

మాస్టారు రెండింటినీ ఒకే వాక్యంలో అడిగారు గానీ, మాకు అవి రెండూ ఒక రకం పనులు కావు. మచ్చ కింద చెంప ఫోటోలోనే ఉంది. చర్మం మీది సన్నటి గీతలు, రంధ్రాలు, వయసు తెచ్చిన ముడతలు అన్నీ కెమెరాకి దొరికాయి, రంగొక్కటే మారింది. కాలర్ కింద మెడ మాత్రం ఫోటోలో లేనే లేదు. దాన్ని ఇంకెక్కడి నుంచో తెచ్చి అతకాలి.

ముందు మచ్చ సంగతి. దెబ్బకి చర్మం కింద చేరిన రక్తం రోజులు గడిచేకొద్దీ విరిగిపోతుంది. మొదట ఎర్రగానో నీలంగానో ఉన్నది తర్వాత ఆకుపచ్చకి, పసుపుకి తిరుగుతుంది. పది రోజుల నాటి మచ్చ కాబట్టి అమ్మగారి చెంప మీద నడుమ గోధుమ రంగు, అంచుల్లో పసుపు కలిసిన పచ్చదనం ఉన్నాయి. ఇక్కడ చాలామంది బాగున్న చర్మాన్ని పక్క నుంచి కాపీ చేసి మచ్చ మీద అతికేస్తారు. అప్పుడు చెంప మైనపు బొమ్మలా నున్నగా తయారవుతుంది, లేదా ఒకే ముడత రెండుచోట్ల కనబడుతుంది. దానికన్నా ఫోటోషాప్‌లో పైన ఒక ఖాళీ పొర వేసి, దాన్ని 'కలర్' పద్ధతిలో పెట్టి, కుడి చెంప రంగు తీసుకుని పలచగా, విడతలు విడతలుగా పూయడం మేలు. అలా చేస్తే రంగు మాత్రమే మారుతుంది, వెలుగునీడలు కింది ఫోటోవే కాబట్టి ముడతలు చెక్కుచెదరవు. మచ్చ ఉన్నచోటు కొంచెం నల్లబడి కూడా ఉంటుంది కనుక ఆ మేరకు విడిగా వెలుగు పెంచాలి. చామనఛాయ ముఖాల్లో ఈ వెలుగు దగ్గరే చెయ్యి జారుతుంది. కాస్త ఎక్కువైతే చెంప మీద పౌడరు అంటినట్టు బూడిద రంగు తేలుతుంది.

మెడ పని మొదలుపెట్టే ముందు మాస్టారికి ఫోన్ చేసి, అమ్మగారితో ఒకసారి మాట్లాడతానన్నాను. ఫోటోలో ఉన్నది ఆవిడ ముఖం. మార్చమని అడిగింది భర్తే అయినా, మార్చాలో వద్దో ఆవిడ నోటితో వినాలన్నది నేను వదలని పద్ధతి. ముఖం మీద గాయమున్న మనిషి విషయంలో మరీనూ.

"తీసెయ్యి బాబూ, పిల్ల ఫంక్షన్ ఫోటోలో అందరూ నా బెల్టే చూస్తారు. కానీ నన్ను పడుచుదాన్ని చెయ్యకు. మెడ మీద ముడతలుంటే ఉండనీ," అన్నారావిడ.

ఆ మాట నాకు పనిలో దారి చూపించింది. మాస్టారు ముందు పంపింది పెద్దమ్మాయి పెళ్లి ఆల్బమ్‌లోని ఫోటో. చాలా స్పష్టంగా ఉంది గానీ అందులో మెడ ఎన్నో ఏళ్ల కిందటిది. అరవై దాటిన ముఖం కింద నలభైల్లోని మెడ పెడితే, తప్పెక్కడుందో చెప్పలేకపోయినా చూసేవాళ్లకి తేడా తెలిసిపోతుంది. నాకు కావలసింది ఈమధ్యదై, ముఖం దాదాపు అదే వైపు తిరిగి, గడ్డం కొంచెం ఎత్తి ఉన్న ఫోటో. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది కాబట్టి 'డాక్యుమెంట్'గా పంపమన్నాను. చివరికి దసరాకి చిన్నమ్మాయి ఫోన్లో తీసినది సరిపోయింది.

అందులోనూ ఒక చిక్కుంది. ఫంక్షన్ హాల్లో వెలుగు కుడి కిటికీ నుంచి పడింది, దసరా ఫోటోలో ఎడమ నుంచి. అద్దంలోలాగా ఫోటోను తిప్పేస్తే వెలుగు కుదురుతుంది గానీ, మెడకి కుడివైపున్న పుట్టుమచ్చ ఎడమకి వస్తుంది, పమిట కూడా భుజం మారుతుంది. అందుకని తిప్పిన ఫోటోలోంచి మెడ చర్మం వరకే తీసుకుని, పుట్టుమచ్చను అక్కడ చెరిపి దాని అసలు చోట పెట్టాను. బయటివాళ్లకి తెలియకపోవచ్చు, కన్నబిడ్డలు మాత్రం పట్టేస్తారు.

ఇక కాలర్ వదిలిపెట్టిన జాడలు. దాని పై అంచు గడ్డం కింది చర్మాన్ని పైకి నెట్టి ఉబ్బిస్తుంది, దాన్ని కొద్దిగా తగ్గించాలి. తెల్లటి కాలర్ కిటికీ వెలుగును మీదికి విసిరి దవడ అడుగును మెరిపిస్తుంది. కాలర్ తీసేసి ఆ మెరుపును అలాగే ఉంచితే, తల మెడ మీద నిలబడినట్టుండదు, గాలిలో తేలుతున్నట్టుంటుంది. కాబట్టి దవడ అడుగును మసకబరచి, గడ్డం నీడ మెడ మీద పడేలా వేరే పొరలో గీయాలి. గడ్డానికి దగ్గరగా చిక్కగా, కిందికి వచ్చేకొద్దీ పలచగా. అన్నిటికన్నా ఓపిక పట్టించింది నల్లపూసల గొలుసు. సగం కాలర్ కిందుండటంతో, జాకెట్టు దగ్గర ఉన్నట్టుండి మొదలైనట్టు కనబడింది. మిగతా సగాన్ని భుజం వంపు వెంట పూసపూసగా పేర్చుకుంటూ పోయాను.

ఒకటి మాత్రం సరిచేయలేదు. కాలర్ వల్ల ఆవిడ తల కాస్త వెనక్కి వాలి, చూపు మిగతావాళ్లకన్నా కొంచెం పైకుంది. తల వంచడానికి ప్రయత్నిస్తే జడ, పూలు, చెవి కమ్మలు అన్నీ కదపాలి, పోలిక దెబ్బతింటుంది. ఆ సంగతి మాస్టారికి ముందే చెప్పాను. ఇలాంటి పని చేయించుకునేవాళ్లు ఏం కుదరదో కూడా మొదటే అడిగి తెలుసుకోవాలి.

పని బాగా వచ్చిందా లేదా అన్నది మీరూ చూసుకోవచ్చు. ఫోటోను చిన్నది చేసి చూడండి, చూపు నేరుగా మెడ మీదికే పోతే రంగు కలవలేదన్నమాట. తర్వాత బాగా పెద్దది చేసి ముఖాన్నీ మెడనూ పోల్చండి. ఒకటి గరుకుగా, ఒకటి నున్నగా ఉంటే అతుకు బయటపడ్డట్టే. ఫోన్ కెమెరాలు చాలావరకు చర్మాన్ని వాటంతటవే నున్నగా చేస్తాయి గనుక, అక్కడి నుంచి తెచ్చిన మెడకి పెద్ద ఫోటోలో ఉన్నంత నలుసు మళ్లీ చల్లాలి. పెద్ద ఫ్రేముకి ఇచ్చే ముందు ఒక చిన్న ప్రింటు వేయించి పగటి వెలుగులో చూడటం కూడా అవసరం. తెరమీద దాగిన పసుపు జీర కాగితం మీద తేలుతుంది.

మాస్టారు అడగని విషయం ఇంకొకటుంది. ఆటో ప్రమాదం మీద నష్టపరిహారం కేసు వేశారు. గాయం, కాలర్ కనబడే ఆ ఫోటో రేపు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో పనికిరావచ్చు. కెమెరాలో పడిన అసలు ఫైలులో తీసిన తేదీ, సమయం నమోదై ఉంటాయి. అందుకని దాన్ని ముట్టుకోకుండా కాపీ మీదే పనంతా చేశాను. అసలుది పెన్‌డ్రైవ్‌లో వేసి, మార్చిన ఫోటోకి వేరే పేరు పెట్టి ఇచ్చాను. పెన్‌డ్రైవ్ వకీలుగారికి, ఫ్రేము హాల్లోకి. రెండూ కలిసిపోకుండా చూసుకోమని మాస్టారికి ఒకటికి రెండుసార్లు చెప్పి పంపాను.