గసగసాలు మెత్తగా నలగాలంటే

కోడికూర గ్రేవీ చూడ్డానికి చిక్కగా, నూనె తేలి నిగనిగలాడుతూ ఉంటుంది. నోట్లో పెట్టుకుంటే మాత్రం పళ్ల కింద సన్నటి ఇసుకలా ఏదో తగులుతుంది. అది సరిగ్గా నలగని గసగసాలు. చాలామంది మిక్సీని తిట్టుకుంటారు కానీ, తేడా ఎక్కువగా అంతకుముందే, నానబెట్టడంలోనూ నీళ్లు పోయడంలోనూ జరిగిపోయి ఉంటుంది.

గసగసాల్లో నూనె ఎక్కువ, పిండి పదార్థం దాదాపు ఉండదు. కాబట్టి ఉడికినకొద్దీ ఉబ్బి గ్రేవీని చిక్కబరిచే గుణం వాటికి లేదు. గింజ ఎంత మెత్తగా నలిగితే అంత చిక్కదనం వస్తుంది. నలగని గింజ చిక్కదనమూ ఇవ్వదు, రుచీ ఇవ్వదు. సన్నికల్లు మీద నూరితే గింజ రెండు రాళ్ల మధ్య పడి నలిగేది. మిక్సీ బ్లేడు కొట్టగలదే తప్ప నొక్కలేదు. అంత చిన్న గింజ దాని కింద నుంచి జారిపోయి జార్ గోడకు అంటుకుంటుంది. నీళ్లు ఎక్కువ పోస్తే ఇంకా హాయిగా తేలిపోతుంది.

అరకిలో కోడికూరకు రెండు టేబుల్ స్పూన్ల గసగసాలు సరిపోతాయి. వీటిలో నిజమైన ఇసుక కూడా ఉంటుంది కాబట్టి ముందు గాలించాలి. గిన్నెలో నీళ్లు పోసి కలిపి, తేలిన గింజల్ని టీ వడపోతలోకి వంచుకుంటూ రండి. అడుగున మిగిలిన మట్టి, రాళ్లు పారేయండి. తర్వాత గింజలు మునిగేలా బాగా వేడి నీళ్లు పోసి గంటసేపు మూతపెట్టి ఉంచండి. చన్నీళ్లలో అయితే రెండు మూడు గంటలైనా పడుతుంది.

నానాక నీళ్లు పూర్తిగా వంచేసి, చట్నీ జార్‌లో వేయండి. రెండు స్పూన్ల గసగసాలు ఒక్కటే వేస్తే బ్లేడుకు అందవు. అందుకే ఎనిమిది, పది నానిన జీడిపప్పులో, కాస్త పచ్చికొబ్బరో తోడు కావాలి. మొదట ఒక స్పూను నీళ్లే పోసి ఆపి ఆపి తిప్పండి. గోడకు అంటిన దాన్ని కిందికి తోసి మళ్లీ తిప్పండి. గట్టి ముద్దగా నలిగాకే కొద్దికొద్దిగా నీళ్లు చేర్చాలి. చిటికెడు ముద్ద తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దితే తెలిసిపోతుంది. గరుకు తగిలితే ఇంకోసారి తిప్పడమే. గసగసాల ముద్దను వడకట్టొద్దు, కావలసిందంతా వడపోతలోనే ఉండిపోతుంది.

ముద్ద మెత్తగా ఉన్నా గిన్నెలో విరిగినట్టయ్యే ప్రమాదం ఉంది. మంట ఎక్కువగా ఉన్నప్పుడు, టమాటా పులుపు మగ్గకముందు, పెరుగు వేసిన వెంటనే ముద్ద వేస్తే పలుకులు కడుతుంది. కాబట్టి మసాలా నూనె వదిలాక మంట తగ్గించి, ముద్దను కాస్త వేడినీళ్లలో జారుగా కలిపి పోయండి. సన్నని సెగ మీద ఎనిమిది, పది నిమిషాలు ఉడకనివ్వాలి. ఇది త్వరగా అడుగంటుతుంది, గరిటె ఆడిస్తూనే ఉండాలి. అంచుల్లో నూనె తేలితే పచ్చివాసన పోయినట్టే. అప్పటికే పలుకులు కట్టి ఉంటే ముక్కలు పక్కకు తీసి, గ్రేవీ చల్లారాక మిక్సీలో తిప్పి మళ్లీ వేడి చేసుకోవచ్చు.

జీడిపప్పుతో ఇంత తంటా లేదు. వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానితే వెన్నలా నలుగుతుంది. గుండు పప్పు కొనక్కర్లేదు, చౌకగా దొరికే ముక్కలు చాలు. కానీ దీనిలో పిండి పదార్థం ఉంటుంది, ఉడికినకొద్దీ, చల్లారినకొద్దీ గ్రేవీ బిగుస్తుంది. దించేటప్పుడు మీకు కావలసినదానికంటే కొంచెం పల్చగా ఉంచుకోండి. తీపిదనం కూడా ఎక్కువ కనుక కారం ఘాటు తగ్గుతుంది.

కర్బూజ, పుచ్చ గింజల పప్పును ఖర్చు కలిసొస్తుందని హోటళ్లలో జీడిపప్పుతో కలిపి వాడుతుంటారు. తెల్లటి గ్రేవీలకు ఇది బాగుంటుంది. పైతొక్క ముక్క ఒక్కటి మిగిలినా నాలుకకు తగులుతుంది కాబట్టి ఏరుకోవాలి. నానడం చాలదు. ఉల్లిపాయలతో కలిపి పది, పదిహేను నిమిషాలు ఉడికించి రుబ్బితేనే మెత్తబడుతుంది. ఈ ముద్దను వడకట్టుకోవచ్చు. కొనేటప్పుడు రెండు గింజలు నమిలి చూడండి. చేదు, పాతనూనె వాసన వస్తే తీసుకోవద్దు, మసాలా ఎంత వేసినా ఆ వాసన దాగదు.

ఒక ముఖ్యమైన మాట. గసగసాలు నల్లమందు మొక్క గింజలు. మన దగ్గర కిరాణాకొట్లో దొరుకుతాయి కానీ యూఏఈలో వాటిని నిషేధించారు, సింగపూర్‌లోనూ వాటిపై గట్టి ఆంక్షలు ఉన్నాయి. అక్కడున్న పిల్లలకు మసాలా పొడులు కట్టి పంపేటప్పుడు గసగసాలు కలిపినవి సామానులో పెట్టకండి. వాళ్ల కూరలకు జీడిపప్పు, కర్బూజ పప్పు చాలు.