తొంభై రోజుల ప్రణాళికలో మొదటి పేజీ

నష్టాల్లో ఉన్న కంపెనీకి కొత్త సీఈవోను వెతికే బోర్డు, చివరి వడపోతలో మిగిలిన ఇద్దరు ముగ్గురిని పిలిచి మొదటి తొంభై రోజుల్లో ఏం చేస్తారో చెప్పమంటుంది. చాలామంది ఒకే మూసలో జవాబిస్తారు: మొదటి నెల అందరి మాటా వింటాను, రెండో నెల వ్యూహం తయారుచేస్తాను, మూడో నెల అమలు మొదలుపెడతాను. నిలకడగా నడిచే కంపెనీకి ఇది సరే. మునిగిపోతున్నదానికి ఎందుకు చాలదో లెక్కేసి చూద్దాం.

ఏటా 360 కోట్ల రూపాయల అమ్మకాలున్న ఆహారోత్పత్తుల కంపెనీ ఒకటి ఉందనుకోండి. బ్యాంకులో 18 కోట్లున్నాయి. వారానికి 7 కోట్లు వస్తుంటే ఎనిమిదిన్నర కోట్లు పోతున్నాయి. వారానికి కోటిన్నర తరుగన్నమాట. పన్నెండు వారాలకు ఖాతా ఖాళీ. తొంభై రోజులంటే దాదాపు 13 వారాలు కాబట్టి, వ్యూహం ఫలించకముందే జీతాలు ఆగిపోతాయి. అందుకే ఈ పనిలో చేయి తిరిగినవాళ్లు 13 వారాల నగదు పట్టికతో మొదలుపెడతారు. ఏ వారం ఎవరి దగ్గర్నుంచి ఎంత వస్తుందో, ఎవరికి ఎంత కట్టాలో అందులో ఉంటుంది.

పట్టిక చూడగానే బోర్డు అడిగేది ఒకటే: "మరి డబ్బెక్కడిది?" ఒక ఫ్యాక్టరీ మూసేస్తానన్న జవాబు ధైర్యంగా వినిపిస్తుంది కానీ, మూసివేతలో పరిహారాలకూ బకాయిలకూ ముందు డబ్బు పోతుంది, ఆదా తర్వాతెప్పుడో కనబడుతుంది. దానికన్నా వసూళ్లు చూడటం మేలు. డీలర్లు 90 రోజులకు చెల్లిస్తున్నారనుకుందాం. రోజు అమ్మకం దాదాపు కోటి గనక, గడువును 80 రోజులకు తగ్గిస్తే 10 కోట్లు చేతికొస్తాయి. అయితే అది ఒక్కసారికే. తరుగు ఆగదు, ఆరేడు వారాల ఊపిరి దొరుకుతుందంతే. ఆలోగా ఏ సరుకు నష్టానికి అమ్ముతున్నారో తేల్చి ఆపాలి. ఈ పరిమితిని అభ్యర్థి తనంతట తనే చెప్పాలి. దాచినవాళ్లు తర్వాతి ప్రశ్నకే దొరికిపోతారు.

ఆ ప్రశ్న ఇలా ఉంటుంది: "ఒత్తిడి పెడితే డీలర్లు పోటీ కంపెనీకి వెళ్లరా?" బయటనుంచి వచ్చినవారి దగ్గర డీలర్ల చిట్టా ఉండదు. ఉన్నట్టు మాట్లాడటం పెద్ద పొరపాటు. రెండు వారాల్లో పెద్ద డీలర్లను స్వయంగా కలుస్తాను, ముఖ్యమైనవాళ్లు ఒప్పుకోకపోతే గోదాముల్లో పేరుకున్న సరుకు వైపు తిరుగుతాను, పదిహేనో రోజున మీకు నివేదిస్తాను అనడం నమ్మదగిన జవాబు. అనుభవమున్న డైరెక్టర్లు అభ్యర్థి ఏ తేదీన, ఏ అంకె చూసి మనసు మార్చుకుంటాడో గమనిస్తారు.

ఆ 18 కోట్లు అసలు ఉన్నాయా? ఇది అతి అనుమానం కాదు. 2009 జనవరిలో హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో 5,040 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు లేనివేనని ఛైర్మన్ లేఖలోనే బయటపడింది. ప్రభుత్వం నియమించిన కొత్త బోర్డు జీతాలకు డబ్బు సమకూర్చుకోవడం, ఖాతాదారులను నిలుపుకోవడం చూసుకోవాల్సొచ్చింది. కనుక నిల్వలను నేరుగా బ్యాంకుల నుంచే నిర్ధారించుకోవడం మొదటి వారం పనుల్లో ఉండాలి. ఇంటర్వ్యూ ముగిసేలోపు అభ్యర్థి కూడా బోర్డును ఒకటి అడగాలి: అప్పిచ్చిన బ్యాంకులకు ఈ పరిస్థితి ఎంతవరకు చెప్పారు?